మూడో వంతు మార్కు తేడాతో పోయిన కాంట్రాక్టు: బ్రిటన్ కౌన్సిల్ టెండర్లలో అసలు లెక్క ఎక్కడ తేలుతుంది?

బ్రిటన్‌లో మన వాళ్లు నడుపుతున్న చిన్న ఐటీ కంపెనీలు చాలానే ఉన్నాయి. భార్యాభర్తలో, ఇద్దరు ముగ్గురు స్నేహితులో డైరెక్టర్లు, పది పదిహేను మంది ఉద్యోగులు, పెద్ద కంపెనీల కింద సబ్‌కాంట్రాక్టు పని. ఇలాంటి వాళ్లలో కొందరు ఈ మధ్య నేరుగా కౌన్సిల్ టెండర్లకు దరఖాస్తు చేస్తున్నారు. దానికి ఒక కారణం ప్రొక్యూర్‌మెంట్ చట్టం. 2023లో పాసైన ఈ చట్టం 2025 ఫిబ్రవరి 24 నుంచి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో అమల్లోకి వచ్చింది. స్కాట్లండ్ రూల్స్ వేరు. చిన్న కంపెనీలకు అడ్డంకులు తగ్గిస్తామని ప్రభుత్వం చెప్పింది, కొన్ని నిజంగానే తగ్గించింది కూడా.

కానీ బిడ్లు రాసే పనిలో ఉన్నవాడిగా నాకు ఎక్కువగా వినిపించే మాట ఒకటే: “అందరికంటే తక్కువ కోట్ చేశాం, అయినా రాలేదు. ముందే ఎవరికో ఇవ్వాలని అనుకున్నట్టున్నారు.” ఈ అనుమానం చాలాసార్లు తప్పు. మన ఊళ్లో రోడ్డు పనులో, స్కూలు బిల్డింగో టెండరు వేసిన అనుభవం ఉన్న ఇళ్లలో ‘ఎల్1’ అనే మాట అందరికీ తెలుసు. టెక్నికల్ కవరు పాసైతే చాలు, ఆ తర్వాత ఎవరి ధర తక్కువైతే వాళ్లకే పని. ఆ లెక్క మనసులో పెట్టుకుని ఇక్కడి కౌన్సిల్ టెండరు వేస్తే దెబ్బ తింటాం. ఇక్కడ క్వాలిటీ కవరు పాస్ ఫెయిల్‌తో ఆగదు, దానికీ మార్కులుంటాయి. ఆ మార్కులు ధర మార్కులతో కలుస్తాయి. పాత రూల్స్ కింద ‘ఆర్థికంగా అత్యంత లాభదాయకమైన టెండరు’ అనేవారు. కొత్త చట్టం అందులోంచి ‘ఆర్థికంగా’ అనే మాటను తీసేసింది. ధర ముఖ్యం కాదని దీని అర్థం కాదు. ధర ఒక్కటే చూడక్కర్లేదని మరింత స్పష్టంగా చెప్పారంతే.

ఒక లెక్క వేసి చూపిస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఇది నేను ఊహించి తయారుచేసిన ఉదాహరణ. కౌన్సిల్ టెండర్లు మామూలుగా ఇలాగే ఉంటాయి.

ఒక కౌన్సిల్ తన సిబ్బందికి ఐటీ హెల్ప్‌డెస్క్ నడపడానికి మూడేళ్ల కాంట్రాక్టు పిలిచింది. క్వాలిటీకి 60 మార్కులు, ధరకు 40. క్వాలిటీలో నాలుగు ప్రశ్నలు: సర్వీసు ఎలా నడుపుతారు (20), పాత కంపెనీ నుంచి పనిని ఎలా చేతిలోకి తీసుకుంటారు (15), సిబ్బంది, డేటా భద్రత (15), స్థానిక సమాజానికి ఏం చేస్తారు (10). ప్రతి జవాబుకూ 0 నుంచి 5 వరకు గ్రేడు ఇస్తారు. ధరకు ఎక్కువమంది వాడే సూత్రమే ఇక్కడా వాడారు: అందరిలోకి తక్కువ ధరను మీ ధరతో భాగించి 40తో గుణించడం.

మొదటి కంపెనీ 5,40,000 పౌండ్లు కోట్ చేసింది. నాలుగు ప్రశ్నలకూ గ్రేడు 4 వచ్చింది, అంటే క్వాలిటీలో 48. రెండో కంపెనీ 6,00,000 కోట్ చేసింది. అన్నిటికీ 4, పని చేతిలోకి తీసుకునే ప్రశ్నకు మాత్రం 5, అంటే 51. మూడో కంపెనీ ఏకంగా 3,60,000 కోట్ చేసింది. జవాబులు అంతంతమాత్రం, క్వాలిటీలో 33.

ఇప్పుడు ధర మార్కులు. మూడో కంపెనీదే తక్కువ ధర కాబట్టి దానికి 40కి 40. మొదటిదానికి 26.67, రెండోదానికి 24. మొత్తం చూస్తే మూడో కంపెనీకి 73, మొదటిదానికి 74.67, రెండోదానికి 75. కాంట్రాక్టు రెండో కంపెనీకి వెళ్లింది. ముగ్గురిలోకి ఎక్కువ ధర చెప్పింది అదే.

మొదటి కంపెనీ 60,000 పౌండ్లు తక్కువకు చేస్తానంది. ఆ తగ్గింపుకు వచ్చిన లాభం 2.67 మార్కులు. రెండో కంపెనీ ఒక్క ప్రశ్నకు ఒక్క గ్రేడు ఎక్కువ తెచ్చుకుంది. దాని విలువ 3 మార్కులు. అంటే ఈ టెండర్లో మూడు నాలుగు పేజీల ఒక జవాబును బాగా రాయడం 60,000 పౌండ్ల తగ్గింపుకంటే ఎక్కువ పలికింది. టెండర్ కాగితాలు చేతికొచ్చిన రోజే ఈ లెక్క వేసుకోవాలి. ఒక గ్రేడు ఎన్ని మార్కులు, ఆ మార్కులు ధరలో ఎన్ని పౌండ్లకు సమానం? ఇది తెలిస్తే ఆదివారం రాత్రి ఎక్సెల్‌లో ధర కోసుకుంటూ కూర్చోవాలో, జవాబును మళ్లీ రాయాలో తెలుస్తుంది. మన వాళ్లు ఎక్కువగా మొదటిదే చేస్తారు.

మార్కుల దాకా రాకుండానే పోయేవి

గ్రేడుల సంగతి చూసే ముందు చెక్‌లిస్టు దాటాలి. ఇక్కడ పాస్ లేదా ఫెయిల్, సగం మార్కులు అంటూ ఉండవు.

కొత్త చట్టం కింద కంపెనీ ముందుగా ‘ఫైండ్ ఎ టెండర్’ ప్రభుత్వ వేదికలో రిజిస్టర్ అవ్వాలి. కంపెనీ ప్రాథమిక వివరాలు, ఆర్థిక వివరాలు, కంపెనీతో ‘సంబంధమున్న వ్యక్తుల’ వివరాలు, అనర్హతలకు సంబంధించిన సమాచారం ఒకసారి నింపి, ప్రతి టెండర్‌కూ పంచుకోవాలి. మన కుటుంబ కంపెనీలు తడబడేది ఈ సంబంధమున్న వ్యక్తుల దగ్గరే. డైరెక్టర్లు, కంపెనీ మీద గణనీయమైన అదుపు ఉన్నవాళ్లు అందులోకి వస్తారు. పేరుకి డైరెక్టరుగా పెట్టిన భార్య, హైదరాబాద్‌లో ఉండి ముప్పై శాతం వాటా పట్టుకున్న బావమరిది కూడా రావలసిందే. కంపెనీస్ హౌస్‌లో ఒకలా, ఇక్కడ ఇంకోలా ఉంటే ప్రశ్నలు తప్పవు.

మిగతా చెక్‌లిస్టు టెండర్ టెండర్‌కీ మారుతుంది. ఐటీ పనికి సైబర్ ఎసెన్షియల్స్ సర్టిఫికెట్ తరచుగా అడుగుతారు. అది పన్నెండు నెలలకే చెల్లుతుంది. నిరుడు తీసిన కాపీ జతచేసి, గడువు దాటిన సంగతి చూసుకోని కంపెనీలు ఎన్నో. ధర నింపాల్సిన ఎక్సెల్ షీటులో గడులు మార్చకూడదు, ఖాళీగా వదలకూడదు. సున్నా వేయాల్సిన చోట ‘కలిపే ఉంది’ అని రాస్తే కొన్ని కౌన్సిళ్లు బిడ్‌నే పక్కన పెడతాయి. కాంట్రాక్టు షరతులు ఒప్పుకుంటున్నారా అన్న గడిలో ‘అవును, కానీ చెల్లింపు పదిహేను రోజుల్లో చేయాలి’ అని రాస్తే అది షరతులతో కూడిన బిడ్ అవుతుంది, తిరస్కరించవచ్చు. షరతు నచ్చకపోతే అడగాల్సింది క్లారిఫికేషన్ ప్రశ్నల గడువులోపు. బిడ్ కాగితంలో కాదు.

ఒకటి మరిచిపోతే తర్వాత పంపొచ్చు కదా అనుకునేవాళ్ల కోసం ఒక పాత కేసు. డెవన్ కౌంటీ కౌన్సిల్ పిలిచిన నిర్మాణ టెండర్‌కు లెడ్‌బిటర్ అనే కంపెనీ పోర్టల్‌లో బిడ్ ఎక్కించింది. అడిగిన కేస్ స్టడీలు జతచేయడం మాత్రం మరిచిపోయింది. గుర్తొచ్చాక, గడువు దాటాక ఈమెయిల్‌లో పంపింది. కౌన్సిల్ తిరస్కరించింది. 2009లో హైకోర్టు కౌన్సిల్ చేసినది సరైనదే అంది. ఒకరికి గడువు సడలిస్తే, సమయానికి ఇచ్చిన మిగతా అందరికీ అన్యాయం అన్నది దాని వెనక ఉన్న సూత్రం. చట్టం మారినా ఈ సూత్రం మారలేదు. కాబట్టి గడువు మధ్యాహ్నం పన్నెండింటికి అయితే ముందురోజు సాయంత్రానికే ఎక్కించేయాలి. ఎక్కించిన ప్రతి ఫైలునూ పోర్టల్‌లోంచే మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడాలి. ఈ పని బిడ్ రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు చేస్తే మంచిది. రాసినవాళ్ల కళ్లకు లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

చెక్‌లిస్టులో మనకు పనికొచ్చే మార్పులు కూడా వచ్చాయి. చట్టప్రకారం ఆడిట్ అవసరం లేని చిన్న కంపెనీని ఆడిట్ చేసిన లెక్కలే కావాలని కౌన్సిల్ ఇప్పుడు అడగకూడదు. కాంట్రాక్టుకు సంబంధించిన ఇన్సూరెన్సు కాంట్రాక్టు రాకముందే ఉండాలని షరతు పెట్టకూడదు. ‘వస్తే తీసుకుంటాం’ అన్న హామీ చాలు. గతంలో ఫలానా ప్రభుత్వ సంస్థ నుంచే కాంట్రాక్టు పొంది ఉండాలని కూడా పెట్టకూడదు. పాత టెండర్ కాగితాలను కాపీ చేసే కౌన్సిల్ గుమాస్తాల చేతిలో ఈ పాత షరతులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. కనిపిస్తే క్లారిఫికేషన్‌లో మర్యాదగా అడగండి. నేను చూసినంతలో చాలామంది సవరిస్తారు.

4కీ 5కీ మధ్య ఏముంది?

జవాబులు దిద్దేవాళ్లెవరో ముందు తెలుసుకోవాలి. మామూలుగా ముగ్గురు దాకా ఉంటారు. కౌన్సిల్ ఐటీ మేనేజరు, సిబ్బంది విభాగం నుంచి ఒకరు, డేటా భద్రత చూసే ఒకరు. అందరికీ ఇది రోజువారీ పని మీద అదనపు పని. ఎవరికివారు విడిగా చదివి గ్రేడు వేసి, కారణం రాస్తారు. తర్వాత ముగ్గురూ కూర్చుని ఒక గ్రేడు మీద ఏకాభిప్రాయానికి వస్తారు. చాలాచోట్ల క్వాలిటీ దిద్దేవాళ్లకు ధర కనపడనివ్వరు.

ఇందులో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, డేటా భద్రత ప్రశ్న దిద్దే ఆవిడ మీ మొదటి జవాబు అసలు చదవకపోవచ్చు. ‘పై జవాబులో చెప్పినట్టు’ అని రాస్తే ఆవిడకు అక్కడ ఏమీ లేనట్టే. ఏ జవాబుకా జవాబు తన కాళ్ల మీద నిలబడాలి. రెండోది, పదాల పరిమితి. 1,000 పదాలు అంటే 1,001వ పదం నుంచి చదవరు. వెబ్‌సైట్ లింకులు తెరవరు. మీరు కౌన్సిల్‌కు ఇప్పటికే పని చేస్తున్నా, ఆ ఐటీ మేనేజరుకు మీ పనితనం బాగా తెలిసినా, కాగితం మీద లేనిదానికి మార్కు వేయడానికి ఆయనకు వీలు లేదు. పదో తరగతి పేపరు దిద్దే పంతులుగారికి పిల్లవాడు తెలివైనవాడని తెలిసినా, రాయని జవాబుకు మార్కు వేయలేనట్టే.

ఇప్పుడు మన ఉదాహరణలోని పదిహేను మార్కుల ప్రశ్నకు వద్దాం. పాత కంపెనీ నుంచి హెల్ప్‌డెస్క్‌ను ఎలా చేతిలోకి తీసుకుంటారు? గడువు ఎనిమిది వారాలు.

గ్రేడు 4 తెచ్చుకున్న మొదటి కంపెనీ జవాబు చెడ్డదేం కాదు. ప్రాజెక్టు మేనేజరును పెడతామంది, వారంవారం సమావేశాలుంటాయంది, పట్టిక ఇచ్చింది, రిస్కుల జాబితా ఇచ్చింది. అడిగినదంతా ఉంది. అందుకే 4. టెండర్ కాగితాల్లో గ్రేడుల వివరణ ముందే ఇస్తారు. ఈ టెండర్లో 4 అంటే ‘అవసరాలన్నీ తీరుతాయన్న నమ్మకం కలిగింది’. 5 అంటే ‘ఈ కౌన్సిల్‌కు ప్రత్యేకంగా ఆలోచించిన, ఆధారాలతో కూడిన జవాబు’. మొదటి కంపెనీ రాసిన జవాబులో కౌన్సిల్ పేరు తీసేసి ఇంకో కౌన్సిల్ పేరు పెట్టినా సరిపోతుంది. అక్కడే 5 పోయింది.

రెండో కంపెనీ ముందు ప్రశ్నలు అడిగింది. ఇప్పుడు హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది, వాళ్లకు ట్యూపీ వర్తిస్తుందా అని క్లారిఫికేషన్‌లో రాసింది. ట్యూపీ తెలియనివాళ్లకు: కాంట్రాక్టు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినప్పుడు, ఆ పని కోసమే ప్రత్యేకంగా ఉన్న ఉద్యోగులు అదే జీతంతో, అదే సర్వీసు లెక్కతో కొత్త కంపెనీకి వచ్చేస్తారు. కౌన్సిల్ జవాబిచ్చింది, నలుగురు వస్తారని. ఈ జవాబులు పేరు చెప్పకుండా అందరు బిడ్డర్లకూ పంపుతారు. మొదటి కంపెనీకీ వచ్చింది, వాళ్లు దాన్ని ధరల షీటులో వాడుకుని వదిలేశారు. రెండో కంపెనీ మాత్రం జవాబులోకి తెచ్చింది. మొదటి రెండు వారాల్లో ఆ నలుగురితో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. జీతం మొదటి నెలే తప్పిపోకుండా ఐదో వారంలో జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఉత్తుత్తి జీతం నడిపి చూస్తాం. చేతులు మారే రోజున పరిష్కారం కాని ఫిర్యాదులు మూడు వందలు ఉన్నాయనుకుంటే, పద్నాలుగు రోజులకు పైబడినవి ముందు తీస్తాం. ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికి పాత సిస్టమ్ ఆగి, సోమవారం ఉదయం ఎనిమిదింటికి కొత్తది తెరుచుకునేలోపు ఎవరు డ్యూటీలో ఉంటారు, పని చేయకపోతే ఏ గంటకు పాతదానికి తిరిగి వెళ్లాలని నిర్ణయిస్తాం. ఇంతకుముందు ఇలాంటి మార్పు చేసినప్పుడు ఏం తేడా వచ్చింది, ఎలా సరిచేశాం. ఇవన్నీ 1,000 పదాల్లోనే. ‘అత్యుత్తమ నాణ్యత’, ‘అంకితభావం’ లాంటి మాటలకు చోటే మిగల్లేదు.

3,60,000 ఎలా సాధ్యం?

ఇక మూడో కంపెనీ ధర సంగతి. టెండర్ ప్రకారం పగటిపూట హెల్ప్‌డెస్క్‌లో నలుగురు టెక్నీషియన్లు ఉండాలి. ఒక్కొక్కరికి ఏడాదికి 30,000 పౌండ్ల జీతం అనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతం, 5,000 పౌండ్లు దాటిన జీతం మీద. అంటే ఒక్కో మనిషికి 3,750. కనీస పెన్షన్ వాటా 700 పైచిలుకు. మొత్తం ఒక్కొక్కరికి దాదాపు 34,460. నలుగురికి ఏడాదికి 1,37,840, మూడేళ్లకు 4,13,520. జీతం పెంపు, సెలవుల్లో బదులు మనిషి, సాఫ్ట్‌వేర్, మేనేజరు, లాభం ఏవీ వేయకుండానే ఇంత. మూడో కంపెనీ చెప్పిన మొత్తం ధర జీతాల ఖర్చుకే చాలదు.

ఇలాంటి ధర ఎలా వచ్చిందో మన వాళ్లలో చాలామందికి వెంటనే తడుతుంది. సగం పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయిస్తారు. ప్రైవేటు కంపెనీలకు అది మామూలు విషయం. కౌన్సిల్ పనిలో అది మూడు చోట్ల అడ్డం తిరుగుతుంది. మొదటిది డేటా. సర్వర్ లండన్‌లోనే ఉన్నా, ఇండియాలోని ఇంకో కంపెనీ ఉద్యోగి తెర మీద చూసినా వ్యక్తిగత డేటాను విదేశానికి పంపినట్టే ఇక్కడి చట్టం లెక్కిస్తుంది. ప్రత్యేక ఒప్పందం, రిస్కు అంచనా ఉండాలి. చాలా కౌన్సిళ్లు అసలు యూకే బయటి నుంచి చూడటానికే ఒప్పుకోవు. రెండోది ట్యూపీ. ఆ నలుగురూ చట్టప్రకారం మీ ఉద్యోగులవుతారు, పని ఇండియాకు మార్చినంత మాత్రాన మాయం కారు. వాళ్లను తీసేస్తే ఖర్చు మీది. మూడోది, ఇక్కడికి కొత్తవాళ్లను తెప్పిస్తాం అనుకోవడం. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 41,700 పౌండ్లు. 30,000 జీతం లెక్కతో వేసిన ధరలో ఆ దారి ఇమడదు.

చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం, ధర అసాధారణంగా తక్కువగా ఉందని కౌన్సిల్‌కు అనిపిస్తే ఆ కంపెనీకి చెప్పి, ఆ ధరకు పని చేయగలమని నిరూపించుకునే అవకాశం ఇవ్వాలి. నిరూపించలేకపోతే ఆ బిడ్‌ను పక్కన పెట్టవచ్చు. ‘వచ్చు’ అనే ఉంది, ‘పెట్టాలి’ అని లేదు.

మన ఉదాహరణలో మూడో కంపెనీ గెలవలేదు కదా, అడిగితే ఎంత, అడగకపోతే ఎంత అనుకోవచ్చు. అసలు తిరకాసు ఇక్కడే. మూడో బిడ్‌ను పక్కన పెట్టారనుకోండి. అప్పుడు తక్కువ ధర 5,40,000 అవుతుంది. మొదటి కంపెనీకి ధరలో 40కి 40, క్వాలిటీతో కలిపి 88. రెండో కంపెనీకి ధరలో 36, మొత్తం 87. గెలుపు తారుమారైంది! ఓడిపోయే మూడో కంపెనీ టేబుల్ మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టి మిగతా ఇద్దరిలో ఎవరు గెలుస్తారో మారిపోయింది. ఒకరి ధరను ఇంకొకరి ధరతో పోల్చి మార్కులిచ్చే సూత్రానికి ఉన్న పుట్టుమచ్చ ఇది. మరీ తక్కువ ధర ఒకటి వస్తే మిగతావాళ్ల ధరల మధ్య తేడా మార్కుల్లో కుదించుకుపోతుంది. అప్పుడు క్వాలిటీ గ్రేడుదే పైచేయి.

అందుకే చెక్‌లిస్టులో ఫెయిల్ కావాల్సిన బిడ్‌ను లోపల ఉంచడం చిన్న విషయం కాదు. ఈ దేశంలో అందరికీ గుర్తున్న ఉదాహరణ అణు విద్యుత్ కేంద్రాల తొలగింపు కాంట్రాక్టు. న్యూక్లియర్ డీకమిషనింగ్ అథారిటీ 2014లో ఇచ్చిన ఈ వందల కోట్ల పౌండ్ల కాంట్రాక్టులో గెలిచినవాళ్లకూ రెండో స్థానంలో ఉన్నవాళ్లకూ మధ్య తేడా ఒక మార్కు పైచిలుకే. ఓడిన కూటమిలోని ఎనర్జీ సొల్యూషన్స్ కోర్టుకెళ్లింది. గెలిచిన బిడ్ పాస్ కావాల్సిన ఒక కనీస షరతులో ఫెయిలైందని, దాన్ని తొలగించకుండా ఉండటానికి మార్కులను సర్దారని 2016లో హైకోర్టు తేల్చింది. ఆ సంస్థ 2017లో దాదాపు 10 కోట్ల పౌండ్లు చెల్లించి రాజీ చేసుకుంది, కాంట్రాక్టును మధ్యలోనే ముగించింది. తర్వాత ప్రతి కౌన్సిల్ ప్రొక్యూర్‌మెంట్ విభాగంలోనూ దిద్దేవాళ్ల కారణాలు రాసిపెట్టుకోవడం మీద శ్రద్ధ పెరిగింది. మనకు అది మేలే.

ఓడిన తర్వాతి ఎనిమిది రోజులు

కొత్త చట్టంలో నాకు నిజంగా నచ్చింది ‘అసెస్‌మెంట్ సమ్మరీ’. ఓడిన ప్రతి బిడ్డరుకూ తమ మార్కులు, ఒక్కో ప్రశ్నకు ఆ గ్రేడు ఎందుకు ఇచ్చారో కారణాలు, వాటితోపాటు గెలిచినవాళ్ల మార్కులు, కారణాలు ఇవ్వాలి. ఆ తర్వాత కాంట్రాక్టు అవార్డు నోటీసు వస్తుంది. నోటీసు వచ్చిన రోజును కలుపుకుని ఎనిమిది పని దినాలు గడిచేదాకా కౌన్సిల్ సంతకం చేయకూడదు. ఐటీ కాంట్రాక్టుకు ఇది తప్పనిసరి. సంరక్షణ సేవల్లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది, కేర్ కంపెనీలు నడిపేవాళ్లు గమనించాలి.

మొదటి కంపెనీ ఆ కాగితం అందుకుంది. మామూలుగా అందరూ మొత్తం చూసి, నిట్టూర్చి, పక్కన పడేస్తారు. కూర్చుని చదివితే ఎన్ని తెలుస్తాయో చూడండి. తమకు ధరలో 26.67 వచ్చింది. తమ ధర 5,40,000. 26.67ను 40తో భాగించి 5,40,000తో గుణిస్తే 3,60,000. గెలిచినవాళ్లకు ధరలో 24 వచ్చింది, అంటే వాళ్ల ధర 6,00,000. అంటే గెలిచినవాళ్లది తక్కువ ధర కాదు. ఎవరిదో 3,60,000 ధర ఇంకొకటి లోపల ఉంది. మూడో బిడ్డరు పేరు, ధర ఎవరూ చెప్పకుండానే మామూలు కూడికలు గుణకారాలతో తెలిసిపోయింది. నలుగురి జీతాల లెక్క తమ దగ్గరే ఉంది కాబట్టి అది కుదరని ధర అని కూడా తెలుసు.

ఇప్పుడు చేయగలిగింది కౌన్సిల్‌కు ఆ ఎనిమిది రోజుల్లోపు, వీలైతే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఒక ఉత్తరం రాయడం. ఆరోపణలు వద్దు. ‘మార్కుల లెక్క ప్రకారం అతి తక్కువ ధర 3,60,000 అని మాకు అర్థమవుతోంది, ట్యూపీ కింద వచ్చే నలుగురి జీతాలకే అది చాలదు, 19వ సెక్షన్ కింద దీన్ని పరిశీలించారా, పరిశీలిస్తే ఏ ఆధారంతో ఉంచారు’ అని అడిగితే చాలు. పరిశీలించి సంతృప్తి చెందామని కౌన్సిల్ కారణాలతో జవాబిస్తే, చాలావరకు అక్కడితో అయిపోయినట్టే. పరిశీలించనే లేదని తేలితే, సంతకం కాకముందే కొందరు వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తారు.

కోర్టు దారీ ఉంది. ఆ ఎనిమిది రోజుల్లోపే కేసు వేసి కౌన్సిల్‌కు తెలియజేస్తే సంతకం తనంతట తానే ఆగిపోతుంది. ఎలా చూసినా విషయం తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 30 రోజుల్లోపు కేసు మొదలవ్వాలి. కానీ పెద్ద మొత్తం నష్టపరిహారం అడిగితే కోర్టు ఫీజే 10,000 పౌండ్ల వరకు ఉంటుంది, లాయరు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. మూడేళ్లకు 5,40,000 పౌండ్ల కాంట్రాక్టులో చిన్న కంపెనీకి మిగిలే లాభంతో పోల్చి చూసుకుంటే, చాలామందికి ఆ ఖర్చు గిట్టదు. ఈ విషయంలో కొత్త చట్టం చిన్నవాళ్లకు పెద్దగా చేసిందేమీ లేదని నా అభిప్రాయం. హక్కు ఇచ్చారు, దాన్ని వాడుకునే చవక దారి ఇవ్వలేదు.

ఉత్తరం వల్ల ఫలితం రాకపోయినా అసెస్‌మెంట్ సమ్మరీలో ఇంకో వరస ఉంది, అది మొదటి కంపెనీకి ఎక్కువ విలువైనది. పదిహేను మార్కుల ప్రశ్న కింద తమకు 4 ఎందుకు ఇచ్చారో రాశారు: చేతులు మారే రోజున పెండింగ్‌లో ఉన్న ఫిర్యాదుల సంగతి చెప్పలేదు, ట్యూపీ సిబ్బంది గురించి జవాబులో లేదు. పక్కనే గెలిచినవాళ్లకు 5 ఎందుకు ఇచ్చారో ఉంది. ఈ రెండు వాక్యాలూ ఈ కౌన్సిల్ 5 అనే గ్రేడును ఎలా చదువుతుందో చెబుతాయి. పక్క కౌన్సిళ్లు కూడా చాలావరకు ఇలాంటి ప్రశ్నలే అడుగుతాయి. కాంట్రాక్టు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో కౌన్సిల్ ప్రచురించే కాంట్రాక్టు వివరాల నోటీసులో ఉంటుంది. ముగింపు తేదీకి ఏడాది ముందు నుంచి ఫైండ్ ఎ టెండర్‌లో ఆ కౌన్సిల్ పేరు మీద అలర్టు పెట్టుకుంటే, టెండరుకు ముందు మార్కెట్ అభిప్రాయం అడిగే నోటీసు వచ్చినప్పుడే తెలుస్తుంది. ధరను ఏ సూత్రంతో లెక్కిస్తారు, మరీ తక్కువ ధరల్ని ఎలా పరిశీలిస్తారు అని మొహమాటం లేకుండా అడగడానికి సరైన సమయం అదే. బిడ్ల గడువు మొదలయ్యాక ఆ సూత్రం మార్చమంటే ఎవరూ మార్చరు.